నేషనల్స్‌కి వెళ్లే ఆర్చరీ పిల్లల కోసం డబ్బు సాయం అడిగే పోస్ట్ ఎలా రాయాలి

"అన్నా, మా పాప నేషనల్స్‌కి సెలెక్ట్ అయింది, లింబ్స్ కొనాలి, టికెట్లు తీయాలి, మీరు మీ మేనకోడలికి పెట్టినట్టు పోస్ట్ ఎలా పెట్టాలో చెప్పండి" అని ఈ మధ్య గ్రౌండ్‌లో పేరెంట్స్ అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్తుంటే సగం మర్చిపోతున్నా, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. మాది విజయవాడ. మా అక్క కూతురు రికర్వ్ వేస్తుంది, అండర్ 18, అంటే 60 మీటర్లు. ఆ పిల్ల కోసం మేం రెండుసార్లు పోస్ట్ పెట్టాం. మొదటిసారి "పేద క్రీడాకారిణికి సాయం చేయండి, 3 లక్షలు కావాలి" అని పెడితే పదకొండు వేలు వచ్చి ఆగిపోయింది, రెండోసారి కావాల్సిన మొత్తం పద్దెనిమిది రోజుల్లో వచ్చింది. రెండుసార్లూ పిల్ల అదే, స్కోరు కూడా దాదాపు అదే. మారింది లెక్క ఒక్కటే, దేనికి ఎంత, ఎప్పటికి కావాలి అన్నది రెండోసారి స్పష్టంగా రాశాం.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

స్టేట్ మీట్ స్కోర్ షీట్, లేదంటే స్టేట్ అసోసియేషన్ ఇచ్చిన సెలెక్షన్ లెటర్. కోచ్ సంతకంతో ఒక చిన్న లెటర్, అందులో కోచ్ ఫోన్ నంబర్ (ఆయన్ని అడిగాకే వేయండి). దుకాణం నుంచి జీఎస్టీతో కలిపి రాసిచ్చిన కొటేషన్. అమ్మ లేదా నాన్న బ్యాంక్ అకౌంట్, వీలైతే ఈ పని కోసమే విడిగా ఒకటి. పిల్ల షూట్ చేస్తున్న ఫోటోలు రెండు, నిమిషం వీడియో ఒకటి. ఇవి లేకుండా మాత్రం పోస్ట్ మొదలుపెట్టకండి, ఎవరైనా "లెటర్ ఉందా" అని అడిగినప్పుడు రెండు రోజుల తర్వాత పంపితే అప్పటికి ఆ మనిషి మర్చిపోతాడు.

1. కావాల్సిందేదో కోచ్‌తో కూర్చుని తేల్చుకోండి

ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. "కొత్త సెట్ మొత్తం" అని రాస్తారు. రికర్వ్ సెట్ అంటే రైజర్, లింబ్స్, సైట్, స్టెబిలైజర్, ప్లంజర్, క్లిక్కర్, స్ట్రింగ్, టాబ్, బాణాలు, ఇంకా ఉన్నాయి. ఇవన్నీ ఒకేసారి మార్చాల్సిన అవసరం చాలా తక్కువమందికి ఉంటుంది. రైజర్ బాగుంటే లింబ్స్ మాత్రమే మార్చుకోవచ్చు, ఐఎల్‌ఎఫ్ ఫిట్టింగ్ రైజర్ అయితే వేరే కంపెనీ లింబ్స్ కూడా దానికి సెట్ అవుతాయి. మా పాపకి రైజర్, స్టెబిలైజర్ అకాడమీ వాళ్లవే వాడుకోమన్నారు, అందుకని అవి లిస్ట్‌లోంచి తీసేశాం. ఆ ఒక్క పనితో అడిగే మొత్తం సగానికి పడిపోయింది.

లింబ్స్ విషయంలో ఇంకో జాగ్రత్త. పిల్ల ఇప్పుడు లాగగలిగే పౌండ్లే అడగండి. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని 40 పౌండ్లు తెప్పిస్తే ఆ వెయిట్‌కి భుజం పైకి లేస్తుంది, క్లిక్కర్ దాటడానికి తంటాలు పడుతుంది, ఆఖరి ఎండ్స్‌కి వచ్చేసరికి స్కోరు పడిపోతుంది. మా పాప 34 పౌండ్ల దగ్గర హాయిగా 72 బాణాలు వేస్తుంది, అదే తీసుకున్నాం.

బాణాలు ఎందుకు డజను? క్వాలిఫికేషన్‌లో ఒక్కో ఎండ్‌కి 6 బాణాలు, అన్నీ ఒకేలా ఉండాలి, ఒక్కోదాని మీద పేరో ఇనిషియల్సో ఉండాలి. గ్రూపింగ్ బాగున్న పిల్లలకే బాణాలు ఎక్కువ పోతాయి, ఎందుకంటే ఒకదాని వెనక ఒకటి వచ్చి నాక్ పగులుతుంది, షాఫ్ట్ చీలుతుంది. కాబట్టి 6 వాడకానికి, 6 స్పేర్‌కి. డబ్బిచ్చేవాళ్లకి ఇది తెలీదు, "పన్నెండు బాణాలు దేనికి" అని మనసులో అనుకుని పోస్ట్ దాటేస్తారు, అందుకే ఈ ఒక్క వాక్యం పోస్ట్‌లో రాయండి.

ప్రత్యామ్నాయం: సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్ లింబ్స్ దొరుకుతాయేమో అడగండి. కొనేముందు స్ట్రింగ్ ఎక్కించి వెనక నుంచి చూడండి, స్ట్రింగ్ లింబ్ మధ్యలో పోవాలి, పక్కకి వెళ్తే లింబ్ మెలిక తిరిగినట్టు. అంచుల వెంట గోరుతో గీసి చూడండి, పొర లేచినట్టు తగిలితే తీసుకోవద్దు. ఇక మీ పిల్లలు ఇండియన్ రౌండ్‌లో వెదురు బో వేస్తుంటే ఖర్చు చాలా తక్కువ, వాళ్లకి బయట డబ్బు అడగాల్సి వచ్చేది ఎక్కువగా ప్రయాణానికే.

2. లెక్క వేయండి, ఇంటివాటా తీసేయండి

మా రెండో పోస్ట్ లెక్క ఉన్నదున్నట్టు పెడుతున్నా. ఈ ధరలు మాకు అప్పుడు వచ్చిన కొటేషన్‌వి, మీకు తేడా ఉంటుంది, మీ కొటేషన్ మీరు తీసుకోండి.

లింబ్స్ 34,000. బాణాలు పన్నెండు, పాయింట్లు, నాక్స్, వేన్స్‌తో సహా 27,600, అంటే ఒక్కోటి 2,300. సైట్ 13,500. స్ట్రింగ్స్ రెండు, టాబ్, స్పేర్ నాక్స్ కలిపి 4,900. సామాను మొత్తం 80,000.

ప్రయాణం జంషెడ్‌పూర్‌కి, పాప, వాళ్లమ్మ ఇద్దరు. రైలు రానూపోనూ 8,400. రూమ్ 5 రాత్రులు, రోజుకి 1,200 చొప్పున 6,000. తిండి ఇద్దరికి 7 రోజులు, మనిషికి రోజుకి 400, అంటే 5,600. ఆటోలు, ఎంట్రీ ఫీజు 3,000. మొత్తం 23,000.

రెండూ కలిపి 1,03,000. అందులో అక్కా బావా పెట్టగలిగింది 25,000, అసోసియేషన్ ప్రయాణానికి ఇస్తామన్నది 8,000. మిగిలింది 70,000. ఆన్‌లైన్‌లో డబ్బు సేకరించే ప్లాట్‌ఫాం వాళ్ల పేమెంట్ ఛార్జీలు మాకు దాదాపు 3 శాతం పడ్డాయి కాబట్టి అడిగింది 72,500.

ఇంట్లోవాళ్లు ఎంత పెడుతున్నారో తప్పకుండా రాయండి. మా అక్క మొదట్లో ఒప్పుకోలేదు, "మన ఇంటి సంగతి అందరికీ ఎందుకురా" అంది. కానీ ఫోన్ చేసి డబ్బు పంపినవాళ్లలో ముగ్గురు ఆ 25,000 లైన్ చూసే పంపామని చెప్పారు.

జాగ్రత్త: అసోసియేషన్, స్కూల్, ఆంధ్రాలో స్పోర్ట్స్ అథారిటీ అయిన శాప్, తెలంగాణ అయితే అక్కడి స్పోర్ట్స్ అథారిటీ, కలెక్టర్ ఆఫీసు, ఎవరు ఏది ఇస్తారో ముందే అడిగి తెలుసుకోండి. స్కూల్ గేమ్స్ అయితే చాలాసార్లు ప్రయాణం టీమ్‌తోనే అయిపోతుంది. వాళ్లు ఇచ్చేదానికి మళ్లీ మీరు జనాన్ని అడిగారని తర్వాత బయటపడితే ఇంకెవరూ నమ్మరు. రైలు విషయం కూడా, క్రీడాకారుల రాయితీ వస్తుందిలే అని బడ్జెట్ తగ్గించుకోవద్దు, 2020 మార్చిలో చాలా కేటగిరీల రాయితీలు ఆపేశారు, స్టేషన్‌లో అడిగి కన్ఫర్మ్ చేసుకున్నాకే తీసేయండి.

3. తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

నేను చెప్పేవాటిలో ముఖ్యమైంది ఇదే. కొత్త లింబ్స్ పోటీకి వారం ముందు చేతికొస్తే ఏం లాభం లేదు, పైగా నష్టం. లింబ్ మారితే సైట్ మార్కులు మారిపోతాయి, బ్రేస్ హైట్, ప్లంజర్ అన్నీ మళ్లీ సరిచేయాలి. పిల్లకి ఆ బో మీద నమ్మకం రావడానికి మాకు ఐదు వారాలు పట్టింది.

ఇంకోటి, లింబ్స్, బాణాలు ఒకేసారి ఆర్డర్ పెట్టకండి. బాణం స్పైన్, అంటే దాని గట్టిదనం, పిల్ల పూర్తిగా లాగినప్పుడు వేళ్ల మీద పడే అసలు పౌండ్లని, బాణం పొడవుని బట్టి ఉంటుంది. లింబ్ మీద 34 అని రాసుంటే పిల్ల చేతిలో 32 ఉండొచ్చు, 36 ఉండొచ్చు, అది డ్రా లెంగ్త్‌ని బట్టి. ముందు లింబ్స్ తెప్పించి, బో స్కేల్‌తో తూచి, ఆ నంబర్‌తో కోచ్ చెప్పిన స్పైన్‌లో బాణాలు తెప్పించండి. స్పైన్ తప్పితే ఎంత ఖరీదు బాణమైనా గ్రూప్ పక్కకి పోతుంది, వేరేవాళ్ల డబ్బుతో కొన్నవి వాడకుండా మూల పెట్టాల్సి వస్తే ఎంత బాధో నాకు తెలుసు.

కాబట్టి పోటీకి కనీసం పది వారాల ముందు సామాను పోస్ట్, లెటర్ వచ్చాక ప్రయాణం పోస్ట్, ఇలా రెండు ముక్కలుగా అడగండి. సెలెక్షన్ లెటర్ చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది, అంతవరకు ఆగితే సామానుకి టైం ఉండదు. మొదటి ముక్కకి స్టేట్ స్కోర్ షీట్ చాలు, కానీ అందులో "సెలెక్ట్ అయింది" అని రాయకండి, "స్టేట్‌లో రెండో స్థానం, లెటర్ రావాలి" అని ఉన్నదే రాయండి.

రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే తెరుస్తారు. లెటర్ లేటైతే తత్కాల్ గతి అవుతుంది, కన్ఫర్మ్ అయిన తత్కాల్ క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాదు, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

4. పోస్ట్ రాయండి

మొదటి రెండు లైన్లలో పిల్ల ఎవరు, ఏ పోటీ, ఏ తేదీ, ఎంత తగ్గుతుంది, ఇవి వచ్చేయాలి, ఎందుకంటే వాట్సాప్‌లో జనం చూసేది అంతవరకే. మేం సామాను, ప్రయాణం కలిపి ఒకేసారి పంపింది ఇలా ఉంది, మీరు మార్చి వాడుకోండి:

"నమస్తే. మా అమ్మాయి విజయవాడలో రికర్వ్ ఆర్చరీ నేర్చుకుంటోంది, వయసు 16. ఫలానా తేదీన జంషెడ్‌పూర్‌లో జరిగే నేషనల్స్‌కి 72,500 తగ్గుతోంది. స్టేట్ మీట్‌లో 60 మీటర్ల మీద 720కి 604 కొట్టి రెండో స్థానంలో నిలిచింది (షీట్ కింద ఉంది). నేషనల్స్‌కి కొత్త లింబ్స్, అంటే బో పైనా కిందా ఉండే వంగే రెక్కలు, బాణాలు, సైట్ కావాలి, ఇప్పుడు వాడుతున్న లింబ్స్ అకాడమీవి, 28 పౌండ్లవి, 60 మీటర్లకి సైట్ చాలా కిందకి దించి వేయాల్సి వస్తోంది, గాలి వస్తే బాణం పక్కకి పోతోంది. ప్రయాణంతో కలిపి మొత్తం ఖర్చు 1,03,000. మేం 25,000 పెడుతున్నాం, అసోసియేషన్ 8,000 ఇస్తోంది. ఛార్జీలతో కలిపి 72,500 తగ్గుతోంది. ఒక బాణం 2,300, డజను కావాలి, సగం వాడకానికి సగం స్పేర్‌కి. మీరు ఒక బాణం ఇచ్చినా, అందులో సగం ఇచ్చినా సరే. అకౌంట్ వాళ్లమ్మ పేరు మీద ఉంది. బిల్లులన్నీ ఇక్కడే పెడతాం. పోటీ వాయిదా పడినా, వెళ్లలేకపోయినా సామాను పాప దగ్గరే ఉంటుంది, ప్రయాణం డబ్బు అడిగినవాళ్లకి తిరిగి ఇస్తాం."

ఒక బాణం ధర రాయడం వల్ల మాకు బాగా పని జరిగింది. 72,500 అని చూస్తే మనిషి "నా ఐదొందలు ఏ మూలకి" అనుకుంటాడు, అదే 2,300 అంటే ఆఫీసులో నలుగురు కలిసి ఒక బాణం ఇద్దాం అనుకుంటారు. మాకు తొమ్మిది బాణాలు అలా గుంపులుగానే వచ్చాయి.

రాయకూడనివి కొన్ని. పిల్ల ఏడుస్తున్న ఫోటో, ఇల్లు కారుతున్న ఫోటో పెట్టకండి, ఆ పిల్ల రేపు అదే గ్రౌండ్‌లో అందరి మధ్య నిలబడాలి. "గోల్డ్ ఖాయం" అని రాయకండి. జ్యోతి సురేఖతోనో ధీరజ్‌తోనో ఎప్పుడో దిగిన సెల్ఫీ పోస్టర్ మీద పెద్దగా వేయకండి, వాళ్లు సిఫారసు చేసినట్టు అనిపిస్తుంది, వాళ్లని అడగకుండా అలా వేయడం తప్పు. పిల్ల ఫోన్ నంబర్, స్కూల్ పేరు, ప్రాక్టీస్ టైమింగ్స్ అసలే వద్దు, ఆడపిల్లలైతే ఇంకా జాగ్రత్త, నంబర్ నాన్నదో మామయ్యదో ఇవ్వండి. ఆధార్ కాపీ బహిరంగంగా పెట్టకండి, అడిగినవాళ్లకి నంబర్ కనపడకుండా మూసి చూపించండి.

వీడియో నిమిషం చాలు. పిల్ల మూడు బాణాలు వేయడం, తర్వాత టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్లి గ్రూప్ చూపించడం, తన మాటల్లో రెండు వాక్యాలు. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. షూటింగ్ లైన్ దాటి ముందు నిలబడి తీయొద్దు, ఎంత బాగా వస్తుందన్నా వద్దు.

5. డబ్బు ఎటు వస్తుందో సరిచూసుకోండి

మిలాప్, కెటో లాంటి ప్లాట్‌ఫాంలో పెట్టొచ్చు, లేదా నేరుగా యూపీఐ. ప్లాట్‌ఫాంలో ఎంత వచ్చిందో అందరికీ కనపడుతుంది కాబట్టి తెలియనివాళ్లు నమ్ముతారు, కానీ డబ్బు చేతికి రావడానికి డాక్యుమెంట్లు, కొన్ని రోజులు పడతాయి. టిప్ అని ఒక లైన్ వస్తే అది ప్లాట్‌ఫాంకి పోతుంది, పిల్లకి కాదు, ఇచ్చేవాళ్లకి ఆ సంగతి చెప్పండి, కావాలంటే సున్నా చేసుకుంటారు. మేం బయటివాళ్లకి ప్లాట్‌ఫాం లింక్, బంధువులకి యూపీఐ ఇచ్చాం. రెండిట్లో వచ్చింది కలిపి రాస్తూ ఉండాలి, లేదంటే లెక్క తేడా కనపడి గొడవవుతుంది.

క్యూఆర్ పోస్టర్ బయటికి పంపేముందు వేరే ఫోన్ నుంచి ఒక రూపాయి పంపి చూడండి, స్క్రీన్ మీద వచ్చే పేరు పోస్ట్‌లో రాసిన పేరు ఒకటేనా అని. మా పోస్టర్‌ని ఎవరో తీసుకుని క్యూఆర్ మార్చి వేరే గ్రూపుల్లో తిప్పారు, ఒక తాతగారు వాళ్లకే 2,000 పంపేశారు. అప్పటి నుంచి పోస్టర్ మీద "పేరు ఫలానా అని రాకపోతే పంపకండి" అని పెద్ద అక్షరాలతో వేస్తున్నాం. అలా జరిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ట్యాక్స్ విషయం చాలామందికి తెలీదు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం కాదు, వచ్చిందంతా ఆదాయం కింద లెక్కేస్తారు. మామూలు కుటుంబానికి ట్యాక్స్ పడకపోవచ్చు, కానీ ఎవరు ఎంత ఇచ్చారన్న లిస్ట్ ఉంచుకుని ఒకసారి సీఏకి చూపించండి. ఇచ్చినవాళ్లు తమ ట్యాక్స్ తగ్గించుకోవడానికి 80జి రసీదు అడిగితే, వ్యక్తిగా అడుగుతున్నాం కాబట్టి ఇవ్వలేమని నేరుగా చెప్పేయండి. అది కావాలంటే రిజిస్టర్డ్ ట్రస్ట్ ద్వారా రావాలి.

అమెరికా, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు పంపుతామంటే ఒక్కటి అడగండి, పాస్‌పోర్ట్ ఏ దేశానిది అని. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే సమస్య లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద విదేశీ విరాళం, అనుమతి లేకుండా తీసుకోకూడదు. అమ్మానాన్న, తోబుట్టువుల్లాంటి దగ్గర బంధువులకి మినహాయింపు ఉంది, బాబాయి, పిన్ని కూడా అందులోకి వస్తారని మీరే అనుకోకండి, ముందు అడిగి తెలుసుకోండి. మాకు డల్లాస్ నుంచి ఒకాయన పంపుతానన్నారు, అక్కడి పౌరుడు, వద్దని చెప్పి, ఇక్కడున్న తెలిసినవాళ్లకి మా పోస్ట్ పంపమన్నాం. ఆయన పంపిన లింక్ చూసి నలుగురు ఇచ్చారు.

6. పంపేముందు ఒక పరీక్ష

ఆర్చరీ అసలు తెలియని ఒకరికి పోస్ట్ ఇచ్చి చదవమనండి, తర్వాత పోస్ట్ లాగేసుకుని మూడు అడగండి: ఎంత తగ్గుతోంది, దేనికి, ఎప్పటిలోపు. మూడిట్లో ఒకటి చెప్పలేకపోయినా తిరగరాయండి. మా పక్కింటి ఆంటీ మొదటి డ్రాఫ్ట్ చదివి "లింబ్స్ అంటే కాళ్లూ చేతులా" అని కంగారుపడి అడిగారు, అప్పుడు "బో పైనా కిందా ఉండే వంగే రెక్కలు" అని ఒక ముక్క కలిపాం.

7. పెట్టాక రోజూ చూడాల్సింది

ముందు మీకు తెలిసిన ఇరవై మందికి విడివిడిగా పంపండి, గ్రూపుల్లో తర్వాత. సున్నా చూపిస్తున్న లింక్‌కి కొత్తవాళ్లు ఇవ్వరు, పది పదిహేను వేలు కనపడ్డాక గ్రూపుల్లో వేస్తే కదులుతుంది.

రెండు రోజుల తర్వాత గమనించండి. షేర్లు అవుతున్నాయి కానీ డబ్బు రావట్లేదంటే నమ్మకం దగ్గర ఏదో లోపం, స్కోర్ షీట్ స్పష్టంగా ఉందా, పేరు సరిపోతోందా చూసుకోండి. అసలు ఎవరూ తెరవట్లేదంటే మొదటి రెండు లైన్లు మార్చండి. బాగా వచ్చి సగంలో ఆగిపోయిందంటే కొత్త సమాచారం ఇవ్వాలి, మాకు 41,000 దగ్గర ఆగింది, లింబ్స్ వచ్చాయని బిల్లుతో ఫోటో పెట్టాక మళ్లీ మొదలైంది. "ప్లీజ్ షేర్" అని అదే పోస్ట్ రోజూ వేస్తే గ్రూపులోంచి తీసేస్తారు.

మొత్తం రాగానే లింక్ మూసేయండి. మాకు 3,150 ఎక్కువ వచ్చింది, ఎవరికీ చెప్పకుండా ఉంచుకోలేదు, ఏం చేయమంటారని ఇచ్చినవాళ్లనే అడిగాం, అకాడమీలో చిన్నపిల్లలకి ఆర్మ్ గార్డులు కొనమన్నారు.

8. పోటీ అయ్యాక

తిరిగొచ్చిన మూడు రోజుల్లో బిల్లులు, టికెట్లు, స్కోరు, అన్నీ ఒకే పోస్ట్‌లో పెట్టండి. స్కోరు తగ్గినా పెట్టండి. మా పాప అక్కడ మొదటి రోజు గాలికి 588 కొట్టింది, స్టేట్ కంటే పదహారు తక్కువ, ఎలిమినేషన్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. అక్క పోస్ట్ పెట్టడానికి సందేహించింది, పాపే టైప్ చేసింది: "588 వచ్చింది, రెండో సగంలో గాలికి తగ్గట్టు సైట్ కదపడం ఆలస్యం చేశాను, బాణాలు పదకొండు బాగున్నాయి, ఒకటి నాక్ పగిలింది." దాని కింద ఒకాయన ఆ ఒక్క బాణానికి 2,300 పంపుతానని రాశారు, మేం వద్దన్నాం, నాక్ ఒక్కటే కదా పోయింది, స్పేర్‌వి ఉన్నాయి అని.